సెలూన్‌కి ఒక ఫిర్యాదు లేఖ: జుట్టు చెప్పిన సాక్ష్యం

మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి రాత్రి పదిన్నరకి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, సెలూన్ వాళ్ళకి ఉత్తరం రాశాను. ఒకసారి చూడు, పొద్దున్నే పంపించేస్తా" అంటూ వాట్సాప్‌లో పెట్టింది. నాలుగు పేజీలుంది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి ఎంత నిర్లక్ష్యంగా మాట్లాడిందో రాసింది. అన్న పెళ్ళి పది రోజుల్లో పెట్టుకుని తను ఎంత ఏడ్చిందో రాసింది. మీ షాపు మూసేయించేదాకా నిద్రపోనని కూడా రాసింది. జుట్టు గురించి మాత్రం ఒకటే వాక్యం: "నా జుట్టు మొత్తం నాశనం చేశారు."

నేను విజయవాడలో పద్దెనిమిదేళ్ళు బ్యూటీ పార్లర్ నడిపాను. ఇలాంటి ఉత్తరాలు అందుకునే కుర్చీలో కూర్చున్నదాన్ని. "నాశనం" అన్న మాటకి యజమాని జవాబు వెతుక్కోనక్కర్లేదు. "అయ్యో, ఒకసారి రండి, ఫ్రీగా స్పా చేస్తాం" అంటే సరిపోతుంది. అదే "కుదుళ్ళ నుంచి రెండంగుళాల మేర జుట్టు ఆకుపచ్చగా ఉంది, మీరు రాసుకున్న షేడ్ 5.1" అని రాస్తే, ఆ వాక్యానికి జవాబు చెప్పక తప్పదు. అందుకే, "ఉత్తరం పంపకు తల్లీ. రేపు పొద్దున కిటికీ దగ్గర కూర్చుని జుట్టు చూపించు" అన్నాను.

జరిగింది ఇది. పిల్లకి ఇరవై ఏడేళ్ళు. కాలేజీ రోజుల నుంచే తెల్ల వెంట్రుకలు రావడంతో రెండేళ్ళుగా నెలకోసారి ఇంట్లోనే నల్ల రంగు ప్యాకెట్టు వేసుకుంటోంది. కుదుళ్ళకి మాత్రమే వేసుకుంటే సరిపోయేది. ప్రతిసారీ నడుము దాకా మొత్తం జుట్టుకి పట్టించేది. ఈ మధ్య మూడు నెలలు మానేసి, అన్న పెళ్ళికి లేత గోధుమ రంగు, అదీ రాగి మెరుపు లేకుండా ఉండాలని ఒక సెలూన్‌కి వెళ్ళింది. వాళ్ళు కలర్ కరెక్షన్ అన్నారు. షేడ్ కార్డులో 5.1 చూపించి, 14,500 రూపాయలు తీసుకుని, ఆరున్నర గంటలు కూర్చోబెట్టారు. ఒకసారి బ్లీచ్ పెట్టి కడిగారు, సరిపోలేదని అదే రోజు మళ్ళీ పెట్టారు, దానిమీద రంగు వేశారు.

వీడియో కాల్‌లో నాకు కనిపించింది మూడు రంగుల జుట్టు. కుదుళ్ళ దగ్గర రెండంగుళాలు బురదలాంటి ఆకుపచ్చ. మధ్యలో రాగి ఎరుపు, అందులో అక్కడక్కడ పట్టీల్లా నలుపు. చివర్లు మొదటి రోజు బూడిద రంగులో ఉన్నాయట. మూడు తలస్నానాలకే అదంతా పోయి మచ్చలు మచ్చలుగా ఇటుక రంగు తేలింది. "తడిగా ఉన్నప్పుడు చివర్లు ఎలా ఉంటున్నాయి?" అని అడిగాను. "సేమ్యాలా సాగుతున్నాయి పెద్దమ్మా" అంది.

రంగు పని తెలిసినవాళ్ళకి ఆ నాలుగు మాటలతో ఆ రోజు కుర్చీలో ఏం జరిగిందో చాలావరకు అర్థమైపోతుంది. ఎలాగో చెబుతాను. ఆ సంగతి తెలిస్తే ఉత్తరం దానంతటదే వస్తుంది.

రంగు పనిలో జుట్టు ముదురునీ లేతనీ 1 నుంచి 10 దాకా అంకెలతో లెక్కపెడతారు. 1 నలుపు, 10 బాగా లేత బంగారు రంగు. మన పుట్టుజుట్టు సాధారణంగా 1కీ 3కీ మధ్య ఉంటుంది. 5.1లో 5 అంటే లేత గోధుమ. చుక్క తర్వాత ఒకటి అంటే ఆష్, అంటే ఎరుపునీ నారింజనీ అణచడానికి నీలం మొగ్గున్న రంగు. ఇక్కడ రెండు సూత్రాలున్నాయి. మొదటిది: వేసిన రంగుని ఇంకో రంగు తేలిక చెయ్యలేదు. నల్ల రంగు ఎక్కిన జుట్టుమీద గోధుమ రంగు వేస్తే నలుపు నలుపుగానే ఉంటుంది. ముందు ఆ నలుపుని బయటికి తియ్యాలి. రెండోది: నల్ల జుట్టు తేలికయ్యేటప్పుడు ఒక్కసారిగా లేత రంగుకి రాదు. ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు, చివరికి లేత పసుపు, ఇలా మెట్లు దిగుతుంది.

లేత గోధుమ కావాలంటే పసుపు దాకా దిగాల్సిన పనే లేదు. ఎరుపు నారింజ మెట్టు దగ్గర ఆగిపోవాలి. ఆ నారింజ మీద నీలం మొగ్గున్న 5.1 వేస్తే రెండూ ఒకదాన్నొకటి అణుచుకుని చక్కటి గోధుమ రంగు తేలుతుంది. అదే 5.1ని పసుపు మీద వేస్తే? చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులో కలిపిన రంగులే: నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ. కాబట్టి పిల్ల కుదుళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయంటే, రంగు వేసే వేళకి అక్కడి జుట్టు అవసరాన్ని దాటి పసుపు దాకా వెళ్ళిపోయిందన్నమాట.

కుదుళ్ళే ఎందుకు వెళ్ళాయి? మూడు నెలలుగా రంగు మానేసింది కాబట్టి ఆ అంగుళంన్నర, రెండంగుళాలు పుట్టుజుట్టు. దానిలో తియ్యాల్సిన నల్ల రంగు లేదు. పైగా తల వేడి తగిలే చోట బ్లీచ్ తొందరగా పనిచేస్తుంది. అందుకే మాకు మొదట్లో నేర్పే పాఠం ఇది: బ్లీచ్ ముందు మధ్య భాగానికి, చివర్లకి. కుదుళ్ళకి ఆఖర్న. పాత రంగు పేరుకున్న చోట ఎక్కువసేపు, కొత్త జుట్టుకి కొద్దిసేపు. ఒకే గిన్నెలో కలిపినదాన్ని కుదురు నుంచి చివరి దాకా ఒకేసారి పులిమితే సరిగ్గా ఈ పిల్ల తలలా తయారవుతుంది. కుదుళ్ళు దాటిపోతాయి, మధ్యలో నల్ల పట్టీలు మిగిలిపోతాయి.

చివర్ల కథ వేరు. అక్కడ రెండేళ్ళలో ఇరవైసార్లకి పైగా రంగు ఎక్కింది. రంగు ఎక్కిన ప్రతిసారీ వెంట్రుక మీది పొలుసులు కొంచెం కొంచెం లేస్తాయి. లోపల వెంట్రుకకి బలాన్నిచ్చేవి గంధకపు బంధాలు. బ్లీచ్ నల్లదనాన్ని కరిగిస్తూ ఆ బంధాల్ని కూడా తెంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న వెంట్రుకని తడిపి మెల్లగా లాగితే 30 శాతం దాకా సాగి, వదిలితే మళ్ళీ వెనక్కి వస్తుంది. బంధాలు తెగిన వెంట్రుక సాగుతూనే పోతుంది, వెనక్కి రాదు, చివరికి జిగురులా తెగుతుంది. సేమ్యా అన్న పోలిక ఆ పిల్ల తెలియక చెప్పినా సరిగ్గా చెప్పింది. అలా పొలుసులు లేచిన జుట్టు రంగుని గబుక్కున పీల్చుకుంటుంది, అంత గబుక్కునా వదిలేస్తుంది. మొదటి రోజు బూడిద, వారానికి ఇటుక రంగు కనిపించింది అందుకే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇలా తెగిన వెంట్రుకని ఏ స్పా, ఏ సీరమ్ మళ్ళీ మొదటి స్థితికి తేలేవు. వెంట్రుకలో ప్రాణం ఉండదు, గాయం మానదు. బాండ్ ట్రీట్‌మెంట్లు కొంత బలాన్నిస్తాయి, నూనెలు నున్నగా కనిపించేలా చేస్తాయి. పాడైన చోటు కత్తిరించేదాకా అది పాడైన చోటే. కొత్త జుట్టు నెలకి అరంగుళం చొప్పున పెరగాలి. అందుకే ఫ్రీ స్పా అన్నది ఈ నష్టానికి పరిహారం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

మరి సెలూన్ చెయ్యాల్సిందేమిటి? ఇలాంటి తలకి పనిచేసేవాళ్ళు మొదటి రోజు బ్లీచ్ గిన్నె ముట్టుకోరు. రెండేళ్ళ చరిత్ర అడిగి రాసుకుంటారు. చెవి వెనక నుంచో, మెడ మీద నుంచో చిన్న పాయ తీసి, దానికొక్కదానికే బ్లీచ్ పెట్టి, ఎంతసేపటికి ఏ రంగు వస్తోంది, పాయ బలంగా ఉందా అని చూస్తారు. దీన్నే స్ట్రాండ్ టెస్ట్ అంటారు. ముప్పావుగంట పని. పాయ సాగిపోతే ఆగిపోవడమే, ఎంత డబ్బు వస్తున్నా సరే. బావుంటే ముందు కలర్ రిమూవర్ వాడతారు. అది ప్యాకెట్టు రంగు తాలూకు పెద్ద కణాల్ని చిన్నవి చేసి కడిగేస్తుంది, పుట్టు నలుపు జోలికి పోదు, బ్లీచ్ అంత నష్టం చెయ్యదు. మిగిలిన పట్టీలకే బ్లీచ్, అదీ రెండు మూడు సిట్టింగుల్లో, మధ్యలో కొన్ని వారాల విరామంతో. రెండేళ్ళ నలుపుని ఒక్క మధ్యాహ్నంలో తీసేస్తామన్నవాళ్ళని నేనైతే నమ్మను.

ఇదంతా చెప్పి, "వాళ్ళు అడిగినప్పుడు అన్నీ చెప్పావా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ప్యాకెట్టు రంగు సంగతి చెప్పాను. పోయిన సంక్రాంతికి అమ్మమ్మ దగ్గర నల్ల గోరింటాకు పెట్టుకున్నాను, అది చెప్పలేదు. వాళ్ళు అడగలేదు కూడా" అంది.

ఇది చిన్న సంగతి కాదు. బజార్లో నల్ల గోరింటాకు పేరుతో దొరికే పొడుల్లో చాలావాటిలో ఆకు కంటే రసాయన రంగే ఎక్కువ. కొన్నింటిలో లోహపు లవణాలు కూడా ఉంటాయి. వాటి మీద బ్లీచ్ పడితే జుట్టు వేడెక్కుతుంది, ఒక్కోసారి పొగ వస్తుంది, రంగు విచిత్రంగా తిరుగుతుంది. ఎర్ర గోరింటాకు రంగైతే వెంట్రుకని పట్టుకుని వదలదు, కలర్ రిమూవర్‌కి లొంగదు. సెలూన్ వాళ్ళు రేపు "అమ్మాయి గోరింటాకు సంగతి దాచింది" అంటే అది వాళ్ళకి పెద్ద ఆసరా అవుతుంది. అందుకని ఆ మాట మనమే ఉత్తరంలో రాద్దామన్నాను. పిల్లకి నచ్చలేదు. "మన తప్పు మనమే చూపించడం ఎందుకు?" అంది. ఆరోజు బ్లీచ్ పెట్టినప్పుడు వేడెక్కిందా, పొగ వచ్చిందా అని అడిగాను. రాలేదంది. అలాగైతే లోహపు లవణాల అనుమానం చాలా తగ్గుతుంది, ఆ మాట కూడా రాయాలి. స్ట్రాండ్ టెస్ట్ ఉన్నదే ఇలాంటి చెప్పని, తెలియని సంగతులు పట్టుకోవడానికి. నిజం చెబితే ఆ ప్రశ్న వాళ్ళ వైపుకి తిరుగుతుంది.

ఆధారాలకి ఒక రోజు పట్టింది. కిటికీ వెలుగులో, ఫిల్టర్లు లేకుండా, పొడిజుట్టుతో ఒకసారి, తడిజుట్టుతో ఒకసారి ఫొటోలు తీయించాను. పక్కన స్కేలు పెట్టి కుదుళ్ళ ఆకుపచ్చ ఎంత మేర ఉందో తీసింది. తడి వెంట్రుక సాగి తెగడం చిన్న వీడియో. దువ్వెనలో వచ్చిన వెంట్రుకల్ని జిప్ కవర్లో వేసి తేదీ రాసింది. వాటిలో ఒకటి గమనించాలి: ఒక కొసన తెల్లటి చిన్న బొడిపె ఉంటే అది కుదురుతో సహా ఊడిన వెంట్రుక, అది రోజూ అందరికీ ఊడేదే. బొడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో విరిగింది. ఆ కవర్లో ఎక్కువ భాగం పొట్టి ముక్కలే. బిల్లు, డబ్బు పంపిన యూపీఐ రసీదు, అపాయింట్‌మెంట్ మెసేజీలు, వెళ్ళేముందు రోజు తీసుకున్న సెల్ఫీ ఎలాగూ ఉన్నాయి. తలమీద మంట, పుండ్లు ఉంటే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళి చీటీ రాయించుకోమనేదాన్ని. ఆ అవసరం రాలేదు.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని రాసిన ఉత్తరం ఇది. యజమాని తెలుగువారే కనుక తెలుగులోనే రాయించాను.

"మేనేజర్ గారికి, యజమాని గారికి,

మార్చి 8న మీ సెలూన్‌లో కలర్ కరెక్షన్ చేయించుకున్నాను. బిల్లు మొత్తం 14,500 రూపాయలు, కాపీ జతచేశాను. నేను అడిగినది, మీ స్టైలిస్ట్ షేడ్ కార్డులో చూపించి ఒప్పుకున్నది 5.1.

పని మొదలుపెట్టే ముందు, రెండేళ్ళుగా నల్ల రంగు ప్యాకెట్టు వాడుతున్నానని, మూడు నెలలుగా మానేశానని చెప్పాను. జనవరిలో ఒకసారి నల్ల గోరింటాకు పెట్టుకున్న సంగతి చెప్పలేదు. గోరింటాకు గురించి నన్ను ఎవరూ అడగలేదు. బ్లీచ్ సమయంలో వేడి గానీ పొగ గానీ రాలేదు. పాయ తీసి పరీక్ష చెయ్యలేదు. జుట్టు దెబ్బతినవచ్చని, రంగు ఒక్క రోజులో రాకపోవచ్చని నాకు ముందుగా చెప్పలేదు.

కుదుళ్ళ నుంచి చివర్ల దాకా ఒకేసారి బ్లీచ్ పెట్టారు. అదే రోజు రెండోసారి కూడా మొత్తం జుట్టుకి పెట్టారు. ప్రస్తుత స్థితి: కుదుళ్ళ దగ్గర రెండంగుళాలు ఆకుపచ్చ, మధ్యలో రాగి ఎరుపు, నల్ల పట్టీలు, చివరి నాలుగంగుళాలు తడిలో సాగి తెగుతున్నాయి. మార్చి 12, 15 తేదీల ఫొటోలు, వీడియో జతచేశాను.

నేను కోరేవి మూడు. ఒకటి, చెల్లించిన 14,500 రూపాయలు వాపసు. రెండు, మళ్ళీ బ్లీచ్ లేకుండా రంగు సరిచేయించుకోవడానికి, పాడైన చివర్లు కత్తిరించడానికి వేరేచోట అయ్యే ఖర్చు. 6,000 రూపాయల అంచనా చీటీ జతచేశాను. మూడు, ఆ రోజు నాకు వాడిన బ్లీచ్, డెవలపర్ వాల్యూమ్, ఉంచిన సమయం, షేడ్ నంబర్లు రాసిన మీ క్లయింట్ కార్డు కాపీ. నా జుట్టుకి ఇకముందు పనిచేసేవారికి అది అవసరం.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు."

తిట్టు లేదు, బెదిరింపు లేదు, పెళ్ళి ఊసు లేదు. నాలుగు పేజీలు ఒక పేజీ అయింది. మూడో కోరికని మాత్రం తియ్యొద్దని పట్టుబట్టాను. డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్: 20 వాల్యూమ్‌లో 6 శాతం, 30లో 9 శాతం, 40లో 12 శాతం ఉంటుంది. తలచర్మానికి తగిలే చోట బ్లీచ్‌కి 20 దాటొద్దని మేం నేర్చుకున్నాం. వాళ్ళేం వాడారో ఆ కార్డులో ఉంటుంది. కార్డే లేదంటే అదీ ఒక జవాబే.

ఉత్తరాన్ని ఈమెయిల్‌లో పంపి, బిల్లు మీదున్న చిరునామాకి స్పీడ్ పోస్టు కూడా చేయించాను. "పది లక్షలు అడగాల్సింది" అని పిల్ల స్నేహితులు అన్నారట. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్ మీద వచ్చిన కేసు వాళ్ళ మనసులో ఉండి ఉంటుంది. 2018లో జరిగిన కటింగ్‌కి 2021లో జాతీయ వినియోగదారుల కమిషన్ 2 కోట్లు ఇమ్మంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసులో సేవాలోపం జరిగిందన్న నిర్ణయాన్ని కదపలేదు గానీ, 2 కోట్ల అంకెని మాత్రం కొట్టేసి, నష్టానికి ఆధారాలు చూసి మళ్ళీ తేల్చమని వెనక్కి పంపింది. అడిగినంత మాత్రాన పరిహారం రాదన్నది అందులో తేలిన సంగతి. మా ఉత్తరంలో ప్రతి రూపాయి పక్కనా ఒక కాగితం ఉండడానికి కారణం అదే.

జవాబు రాకపోతే తర్వాతి దారి కూడా పిల్లకి చెప్పి ఉంచాను. ముందు 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్. వాళ్ళు సెలూన్‌తో మాట్లాడి రాజీకి చూస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, 5 లక్షల లోపు చెల్లించిన సేవలకి ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది. "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని కౌంటర్ మీద బోర్డు పెట్టినంత మాత్రాన లోపమున్న సేవ మీద ఫిర్యాదు హక్కు పోదు. సంతకం చేయించుకున్న ఫారం ఉన్నా అంతే.

అంత దూరం వెళ్ళలేదు. ఆరో రోజున మేనేజర్ ఫోన్ చేసి, "మేడమ్, ఒకసారి రండి, మళ్ళీ బ్లీచ్ పెట్టి ఫ్రీగా సరిచేస్తాం" అన్నాడట. ఒప్పుకోవద్దన్నాను. ఆ చివర్లు మూడో బ్లీచ్‌ని తట్టుకోవు. రాతలో జవాబివ్వమని పిల్ల మళ్ళీ అడిగింది. పన్నెండో రోజున యజమాని ఈమెయిల్ వచ్చింది. 14,500 వాపసు ఇస్తామన్నారు, రెండో ఖర్చులో సగం భరిస్తామన్నారు. పిల్ల ఒప్పుకుంది. పూర్తి ఖర్చు వచ్చేదాకా పట్టుబట్టాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తన జుట్టు, తన నిర్ణయం.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు, నాకు తెలిసిన ఒకామె దగ్గర నాలుగంగుళాలు కత్తిరించి, కుదుళ్ళకి ముందు రాగి మొగ్గున్న రంగు పట్టించి, ఆ తర్వాత మొత్తానికి ముదురు గోధుమ వేశారు. పసుపైపోయిన చోట ముందు ఆ ఎరుపు నింపకుండా నేరుగా గోధుమ వేస్తే మళ్ళీ ఆకుపచ్చే తేలుతుంది. అనుకున్న 5.1 రాలేదు. ముదురుగా వచ్చింది, కానీ ఒకే రంగు, పైనించి కిందిదాకా.

సెలూన్ వాళ్ళ ఈమెయిల్‌కి క్లయింట్ కార్డు ఫొటో కూడా జతచేసి ఉంది. డెవలపర్: 30 వాల్యూమ్. సమయం: 40 నిమిషాలు, మళ్ళీ 40 నిమిషాలు. షేడ్: 5.1. కార్డులో స్ట్రాండ్ టెస్ట్ అని అచ్చువేసిన గడి ఒకటి ఉంది. అందులో ఏమీ రాసి లేదు.